ముద్దాయి, జామీను, సగం శిక్ష

ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు మాట్లాడుకునే మాకు కోర్టు మెట్లెక్కగానే ఒక వింత ఎదురవుతుంది. అక్కడి తెలుగంతా మా ఇంటి భాషే. వకీలు, పేషీ, వాయిదా, దాఖలా, ఫైసలా. అయితే ఇంటి నుంచి కోర్టుకు పోయేసరికి కొన్ని మాటలు అర్థం మార్చుకున్నాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. ఎదుటివాణ్ని ముద్దాఅలై అంటారు. తెలుగులోకి వచ్చాక ఈ ముద్దయీ ముద్దాయి అయ్యాడు, ముద్దాయి నేరం మోపబడ్డవాడయ్యాడు. న్యాయం అడగడానికి వచ్చినవాడి పేరు నేరస్తుల వరసలో నిలబడ్డవాడికి ఎట్లా అంటుకుందో భాషా పండితులు చెప్పాలి. మాకు మాత్రం అదొక మాట కథలా అనిపించదు.

జామీను సంగతీ అంతే. ఉర్దూలో జామిన్ అంటే పూచీపడే మనిషి. ఆ మనిషి ఇచ్చే పూచీ జమానత్. తెలుగులో రెండూ కలిసిపోయి జామీను అంటే బెయిలే అయిపోయింది. మాటలో మనిషి కనిపించకుండా పోయినా చట్టంలో పోలేదు. బెయిలు ఇచ్చాక కూడా పూచీపడే మనిషి దొరక్క లోపలే ఉండిపోయినవాళ్ల చరిత్ర పెద్దది. మేం ఇక్కడ చెప్పబోయేది ఆ చరిత్రలో ఒక ముక్క. విచారణ జరగకుండా ఏళ్ల తరబడి జైల్లో ఉన్నవాణ్ని, పడగల శిక్షలో సగం గడిచాక వదలాలి అన్న నియమం ఎట్లా పుట్టింది, ఎక్కడిదాకా నడిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది.

ఆ చరిత్ర మొదటి పేజీ మీద ఒక ముస్లిం స్త్రీ పేరుంది. హుసైనారా ఖాతూన్. 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో కె.ఎఫ్. రుస్తంజీ రెండు వ్యాసాలు రాశారు. ఆయన పోలీసు శాఖలో పెద్ద పదవులు చేసినవాడు, అప్పట్లో జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు. బీహారు జైళ్లు చూసి వచ్చి, అక్కడ విచారణే మొదలుకాని ఖైదీలు ఎన్నేళ్లుగా పడి ఉన్నారో పేర్లతో సహా రాశారు. ఆ వ్యాసాలు చదివిన న్యాయవాది పుష్పా కపిలా హింగోరానీ వాటినే ఆధారం చేసుకుని సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ వేశారు. పిటిషనర్ల జాబితాలో మొదటి పేరు హుసైనారాది. అందువల్ల ఆ కేసు హుసైనారా ఖాతూన్ వర్సెస్ బీహారు రాష్ట్రం అయింది. ఇవ్వాళ దేశంలో ఏ లా కాలేజీలో చదివిన కుర్రాడికైనా ఆ పేరు తెలుసు. త్వరిత విచారణ పొందడం 21వ అధికరణం ఇచ్చిన ప్రాథమిక హక్కే అని చెప్పిన తీర్పు అది. ఇట్లా ఒక ముస్లిం స్త్రీ ఈ దేశపు చట్టంలో నిజంగానే ముద్దయీగా, అడిగినదానిగా నిలిచింది. మా ఉర్దూ అర్థంలో.

జస్టిస్ పి.ఎన్. భగవతి ముందుకు బీహారు ప్రభుత్వం తెచ్చిన జాబితాల్లో ఏముంది? రుజువైనా కొన్ని నెలలో, మహా అయితే ఏడాదో రెండేళ్లో శిక్షపడే నేరాలకు మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా విచారణ లేకుండా లోపల ఉన్నవాళ్లున్నారు. ఏ నేరమూ మోపకుండా, సాక్ష్యం చెప్పాలనో, రక్షణ కోసమనో జైల్లో పెట్టిన ఆడవాళ్లున్నారు. 1979 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరసగా ఆదేశాలు వచ్చాయి. పడగల గరిష్ఠ శిక్షకన్నా ఎక్కువకాలం జైల్లో గడిపినవాళ్లను వెంటనే వదలమన్నారు. పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును పెట్టమన్నారు. మొత్తం శిక్ష దాటినవాణ్ని ఇంకా పట్టి ఉంచడానికి ఏ సమర్థనా లేదు కాబట్టి అతని సంగతి తేలిపోయింది. శిక్ష మొత్తం గడవకముందే ఎక్కడో ఒకచోట గీత గీసి, ఇక చాలు అనేది ఎక్కడ? ఆ ప్రశ్నకు చట్టం జవాబు రాసుకోవడానికి మరో 27 ఏళ్లు పట్టింది.

హుసైనారా కేసుకు కొద్ది నెలల ముందు, 1978లో, మోతీరాం కేసు వచ్చింది. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ పనివాడికి బెయిలు ఇవ్వమని సుప్రీంకోర్టే చెప్పింది. కింది కోర్టు 10 వేల రూపాయలకు జామీను అడిగింది. అతని అన్నదమ్ముడు పూచీపడతానన్నాడు. ఆ మనిషీ, అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని మేజిస్ట్రేటు ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని తప్పుపట్టి, పేదవాణ్ని సొంత పూచీకత్తు మీదా వదలవచ్చని రాశారు. తీర్పు గొప్పదే. కానీ పూచీపడే మనిషికి సొంత ఇల్లో, పొలమో ఉండాలి, అదీ ఆ కోర్టు పరిధిలో ఉండాలి అన్న అలవాటు కింది కోర్టుల్లో తొందరగా పోలేదు. అద్దె ఇళ్లలో ఉంటూ రిక్షా తొక్కేవాళ్లు, పంక్చర్లు వేసేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు నిండిన మా బస్తీల్లో పన్ను రశీదు చూపించగల జామిన్ ఎంతమందికి దొరుకుతాడు? కాబట్టి బెయిలు మంజూరైందన్న వార్తకూ, మనిషి ఇంటికి రావడానికీ మధ్య పెద్ద అఖాతం ఉండిపోయింది.

సగం అన్న కొలత మత్తుమందుల చట్టం కింద పట్టుబడ్డవాళ్ల విషయంలో 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో స్పష్టంగా కనబడుతుంది. ఆ చట్టంలో బెయిలు దాదాపు అసాధ్యం. విచారణలేమో సాగవు. అందుకని గరిష్ఠ శిక్షలో సగం గడిపినవాళ్లను షరతులతో వదలమన్నారు. రెండేళ్ల తర్వాత, 1996లో, షాహీన్ వెల్ఫేర్ అసోసియేషన్ అనే సంస్థ వేసిన పిటిషన్‌లో టాడా ఖైదీల ప్రశ్న వచ్చింది. 1985లో వచ్చిన టాడా 1995లో కాలం చెల్లి పోయింది గాని, దాని కింద పట్టుకున్నవాళ్లు జైళ్లలోనే మిగిలారు. చట్టం చచ్చినా కేసు చావలేదు. అక్కడ కోర్టు సగం లెక్క వేయలేదు. ఖైదీలను తరగతులుగా విడదీసి, కొందరికి రెండేళ్లు, కొందరికి మూడేళ్లు, మరికొందరికి అయిదేళ్లు గడిస్తే బెయిలు అంది. అత్యంత ప్రమాదకరులని ప్రభుత్వం చెప్పిన తరగతికి ఆ ఉదారత లేదంది. ఎవరు ఏ తరగతి అన్నది మొదట తేలేది పోలీసులు రాసిన కాగితం మీదనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. తర్వాత కథంతా దీనిమీదే నడుస్తుంది.

పార్లమెంటు 2005లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించి 436ఎ అన్న సెక్షన్ చేర్చింది. అది 2006 జూన్ 23న అమలులోకి వచ్చింది. చట్టం భాష పక్కన పెట్టి చెప్పుకుంటే అది ఇంతే. మరణశిక్ష ఒక శిక్షగా ఉన్న నేరాలు తప్ప, మిగతా ఏ నేరంలోనైనా విచారణ ఖైదీ ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపితే, కోర్టు అతన్ని సొంత పూచీకత్తు మీద, జామీనుతో గాని లేకుండా గాని వదలాలి. పబ్లిక్ ప్రాసిక్యూటర్ మాట విన్నాక, కారణాలు రాసి, కోర్టు సగం దాటి కూడా ఉంచవచ్చు. గరిష్ఠ శిక్ష దాటి మాత్రం ఎవర్నీ ఉంచకూడదు. కేసు ఆలస్యం ఖైదీ వల్లే జరిగితే ఆ రోజులు లెక్కలోకి రావు.

చూడటానికి ఇది తూకం వేసినట్టే ఉంది. ఒక తక్కెడలో గడిపిన రోజులు, రెండో తక్కెడలో శిక్ష. అయితే రెండో తక్కెడలో పెట్టేది పడిన శిక్ష కాదు, పడవచ్చు అని పుస్తకంలో రాసి ఉన్న అతి పెద్ద శిక్ష. ఒక కేసు ఊహించి లెక్క వేసి చూద్దాం. ఇరవయ్యేళ్ల కుర్రాడు ఒక దుకాణంలో సెల్‌ఫోను దొంగిలించాడని పట్టుకున్నారు. పాత శిక్షాస్మృతి 379 ప్రకారం దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. సగం అంటే ఏడాదిన్నర. పోలీసులు అదే సంఘటనను దుకాణం తాళం పగలగొట్టి రాత్రిపూట చొరబడ్డాడని రాస్తే 457 వచ్చి చేరుతుంది. రాత్రి చొరబాటు దొంగతనం కోసమైతే గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. ఒక కేసులో చాలా సెక్షన్లుంటే మామూలుగా పెద్ద శిక్షనే లెక్కకు తీసుకుంటారు. ఇప్పుడు సగం ఏడేళ్లు. ఫోను అదే, కుర్రాడు అదే, జైలు గది అదే. తాళం సంగతి నిజమా కాదా అన్నది విచారణలో తేలాలి. విచారణే జరగడం లేదు. మధ్యలో అయిదున్నరేళ్లు ఒక సెక్షన్ అంకె తినేసింది. చివరికి నేరం రుజువైతే అతనికి నిజంగా పడే శిక్ష ఏడాదో రెండేళ్లో కావచ్చు. అప్పుడు జైల్లో గడిపిన కాలాన్ని శిక్షలోంచి మినహాయిస్తారు. నిర్దోషి అని తేలితే ఆ కాలాన్ని దేనిలోంచి మినహాయించాలి?

నియమం రాసినంత మాత్రాన రోజులు వాటంతటవే లెక్కపెట్టుకోవు. ఎవరో ఒకరు జైలు రిజిస్టరు తీసి, మొదటి రిమాండు తేదీ చూసి, వారంటు మీదున్న సెక్షన్లు చూసి, సగం ఎప్పుడు పడుతుందో రాయాలి. 436ఎ వచ్చి ఎనిమిదేళ్లయినా ఆ లెక్క వేసే నాథుడు లేడని 2014 సెప్టెంబరు 5న భీంసింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశమే చెబుతోంది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి రెండు నెలలపాటు మేజిస్ట్రేట్లు, సెషన్స్ జడ్జీలు వారానికొకసారి జైలుకే వెళ్లి కూర్చుని, సగం దాటినవాళ్లను గుర్తించి, అక్కడికక్కడే ఉత్తర్వులివ్వాలని చెప్పింది. వకీలు లేకపోయినా ఫరవాలేదంది. 2015లో ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షతన, కలెక్టరు, ఎస్పీ సభ్యులుగా విచారణ ఖైదీల సమీక్షా కమిటీ పెట్టమంది. ఇన్ని ఆదేశాలు వచ్చాయంటే మొదటిది అమలు కాలేదనే కదా అర్థం.

ఈ లెక్కలో మా వాటా ఎంత? జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా వేసే జైలు గణాంకాల్లో మతం గడి ఉంటుంది. 2015 సంవత్సరపు పుస్తకంలో శిక్షపడ్డ ఖైదీల్లో ముస్లింలు 15.8 శాతం. విచారణ ఖైదీల్లో 20.9 శాతం. 2011 జనాభా లెక్కల్లో మా వాటా 14.2 శాతం. ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. నేరం రుజువైనవాళ్లలో మా శాతం జనాభా శాతానికి దగ్గరగానే ఉంది. రుజువు కోసం ఎదురుచూసేవాళ్లలో మాత్రం చాలా పైకి పోయింది. ఈ తేడా అంతటికీ పోలీసు పక్షపాతమే కారణమని మేం అనం. పట్నాల్లో ఎక్కువ ఉండటం, పేదరికం, జామిన్ దొరక్కపోవడం, మంచి వకీలు లేకపోవడం అన్నీ అందులో కలిసి ఉంటాయి. దళితులూ ఆదివాసీలూ కూడా ఇదే గడిలో తమ వాటాను మించి కనిపిస్తారు. కాని ముస్లింలలో నేరస్తులెక్కువ అని తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఏ అంకెను చూపిస్తున్నారో అడగాలి. పట్టుకున్నవాళ్ల అంకె వేరు, నేరం తేలినవాళ్ల అంకె వేరు.

సగం నియమం ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే మహమ్మద్ ఆమిర్ ఖాన్ జీవితం చూడాలి. పాత ఢిల్లీ కుర్రాడు. 1998 ఫిబ్రవరిలో, ఇరవయ్యేళ్ల వయసులో, పోలీసులు పట్టుకున్నారు. బాంబు పేలుళ్ల కేసులు దాదాపు 20 మోపారు. ఒక్కొక్క కేసే విచారణకు వచ్చింది, ఒక్కొక్కటే కొట్టుడుపోయింది. బయటపడింది 2012 జనవరిలో. 14 ఏళ్లు. ఈలోగా తండ్రి పోయాడు, తల్లి పక్షవాతంతో మంచం పట్టింది. తర్వాత నందితా హక్సర్‌తో కలిసి ఆయన తన కథను ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు కాబట్టి ఇదంతా లోకానికి తెలుసు. 2006లో 436ఎ వచ్చేనాటికి ఆమిర్ జైల్లో ఎనిమిదేళ్లు దాటాడు. ఆ సెక్షన్ ఆయన గది తలుపు తట్టనే లేదు. హత్య ఆరోపణ ఉన్న కేసుకు మరణశిక్ష ఒక శిక్ష. మరణశిక్ష ఉన్నచోట ఈ నియమం లేదు. ఇందులో చట్టం తర్కం మాకు అర్థం కాకపోలేదు. ఘోరమైన నేరంలో నిందితుణ్ని తేలిగ్గా వదలకూడదని. కాని ఆరోపణ ఎంత పెద్దదైతే విచారణ అంత త్వరగా జరగాలన్నది కూడా తర్కమే. ఆ రెండోదాన్ని ఏ చట్టమూ అదే గట్టితనంతో రాయలేదు. అట్లాంటి ఖైదీకి మిగిలేది రాజ్యాంగమే. 2021 ఫిబ్రవరిలో కె.ఎ. నజీబ్ కేసులో, యు.ఎ.పి.ఎ. కింద అయిదేళ్లు దాటి జైల్లో ఉండి, ఇంకా 276 మంది సాక్షులు మిగిలిన నిందితుడికి సుప్రీంకోర్టు బెయిలును నిలబెట్టింది. ఆధారం సగం నియమం కాదు, హుసైనారా కేసు చెప్పిన ఆ 21వ అధికరణమే. 42 ఏళ్లు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాం.

2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 436ఎ పోయి 479 అయింది. ఇందులో ఇచ్చిందీ ఉంది, తీసుకున్నదీ ఉంది. ఇచ్చింది పెద్దదే. ఇంతకు ముందు ఏ నేరంలోనూ శిక్షపడనివాడైతే సగం దాకా ఆగక్కరలేదు. మూడో వంతు గడిస్తే చాలు, పూచీకత్తు మీద వదలాలి. కొత్త చట్టం ఇచ్చిన అర్థంలో ఈ పూచీకత్తుకు జామిన్ అక్కర్లేదు. మన దుకాణం కుర్రాడికి మొదటి లెక్కన ఏడాది, రెండో లెక్కన నాలుగేళ్ల ఎనిమిది నెలలు. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టే బాధ్యత జైలు సూపరింటెండెంటు మీద ఉంచింది. ఆ ఏడాది ఆగస్టు 23న సుప్రీంకోర్టు ఈ మూడో వంతు సౌకర్యం జూలై 1కి ముందు నమోదైన కేసుల ఖైదీలకు కూడా వర్తిస్తుందని చెప్పింది.

తీసుకున్నదేమిటి? ఇదివరకు మరణశిక్ష ఉన్న నేరాలే బయట ఉండేవి. ఇప్పుడు యావజ్జీవ శిక్ష ఉన్న నేరాలూ బయటికి పోయాయి. గాయపరిచిన హత్యాయత్నం, బందిపోటు లాంటి కేసుల్లో ఉన్నవాళ్లు పాత చట్టంలో కనీసం సగం కోసం అడగగలిగేవాళ్లు. ఇప్పుడు అడగలేరు. అంతకన్నా బరువైనది రెండో ఉపసెక్షన్. ఒకటికన్నా ఎక్కువ నేరాలు గాని, ఒకటికన్నా ఎక్కువ కేసులు గాని నడుస్తున్నవాణ్ని ఈ నియమం కింద వదలకూడదని అది అంటుంది. అక్షరం పట్టుకుని చదివితే, చొరబాటు, దొంగతనం అని రెండు సెక్షన్లున్న మన కుర్రాడి ఒక్క కేసే రెండు నేరాలవుతుంది. మూడో వంతూ లేదు, సగమూ లేదు. ఒక్క సెక్షన్‌తో ఆగే ఎఫ్.ఐ.ఆర్. పోలీసు స్టేషన్లలో ఎన్ని ఉంటాయో కోర్టు వార్తలు రాసేవాళ్లందరికీ తెలుసు. ఆమిర్ లాంటివాడిమీద 20 కేసులు పెడితే, ఆ 20 అన్న అంకే అతన్ని లోపల ఉంచడానికి చాలు. ఒక్కటీ రుజువు కానక్కర్లేదు.

2022 చివరికి దేశం జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు. వాళ్లలో ఎవరైనా మన బస్తీవాడైతే ఇంటివాళ్లు చూడాల్సినవి నాలుగే. మొదటిసారి రిమాండు చేసిన తేదీ ఏమిటి. చార్జిషీటులో చివరికి మిగిలిన సెక్షన్లేమిటి, వాటిలో పెద్ద శిక్ష ఎంత. ఎఫ్.ఐ.ఆర్.లో ఉన్న పెద్ద సెక్షన్ చార్జిషీటులో పడిపోయినా జైలు కాగితాల్లో పాత అంకే ఉండిపోవచ్చు, అప్పుడు లెక్క తప్పుతుంది. గతంలో ఏ కేసులోనైనా శిక్ష పడిందా. కేసు ఉండటం వేరు, శిక్షపడటం వేరు, మూడో వంతుకు అడ్డమయ్యేది రెండోదే. ఇంకే కేసైనా నడుస్తోందా, అందులో రాజీయో కొట్టివేతో జరిగి కూడా కాగితాల్లో బతికే ఉందా. ఈ నాలుగూ ఒక తెల్లకాగితం మీద రాసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికీ, జైలు సూపరింటెండెంటుకూ ఇచ్చి, రశీదు తీసుకోవాలి. సమీక్షా కమిటీ జాబితాలో పేరు చేరిందా లేదా అని అడగాలి. ఫీజు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు.

మసీదుల్లో జకాత్ లెక్కలు వేసే మాకు వంతులు కొత్త కాదు. నలభయ్యో వంతు ఎంతో పైసలతో సహా చెప్పగలిగిన పెద్దలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. జైల్లో ఉన్న కుర్రాడి మూడో వంతు ఏ తేదీకి నిండుతుందో చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఆ తేదీ వేసి ఇవ్వడం మిల్లీ రాజకీయాలకన్నా చిన్నపని. ఆ రెండో ఉపసెక్షన్ తీసేయమని అడగడం పెద్దపని. అది మేం ఒక్కళ్లమే అడిగితే కాదు, ఆ గడిలో మాతోపాటు నిలబడ్డ దళితులూ ఆదివాసీలూ కలిసి అడిగితే అవుతుంది. హుసైనారా పేరు కింద ఆ రోజు జైలు జాబితాలో ఉన్నవాళ్లలో హిందువులూ ముస్లింలూ ఉన్నారు. వాళ్లందరిదీ ఒక్కటే దావా. వాళ్లు ముద్దాయిలై వచ్చి, ముద్దయీలై నిలిచారు.